ఎర్రగడిలో పన్నెండుమంది

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వస్తుంటే రోడ్డుకు ఎడమ పక్కన నీలిరంగు రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల క్యారెట్‌ను కొని, కడిగి, ఏరి, నగరంలోని పెద్ద దుకాణాలకు కిలో సంచుల్లో పంపుతారు అక్కడ. సంచి మీద పచ్చటి పొలం బొమ్మ, నవ్వుతున్న రైతు బొమ్మ ఉంటాయి. కడిగే ఆడవాళ్ల బొమ్మ మాత్రం ఉండదు. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా సిమెంటు తొట్ల పక్కన నిలబడి, చల్లటి నీళ్లలో నానిన వేళ్లతో గడ్డలు రుద్దే ముప్పై ఆరు మంది ఆడవాళ్లు ఆ సంచికి అక్కరలేదు.

అదే షెడ్డులో మేడ మీద గదిలో లెక్కలు రాసే మనిషి ఎస్తేర్. ముప్పై నాలుగేళ్లు. చేవెళ్ల పక్కనే ఊరు. నాయన సాలోమోను ఆరు రోజులు ఇతరుల పొలాల్లో పనిచేసి, ఏడో రోజు తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్లే మనిషి. ఎస్తేర్ చేవెళ్లలో బీకాం చదివి, ఉద్యోగం దొరక్క, మూడు నెలలు ఇదే షెడ్డులో క్యారెట్ కడిగింది. ఆ తర్వాత కంప్యూటర్ వచ్చునని తెలిసి పైకి పిలిచారు. పదకొండు మెట్లు ఎక్కింది, జీతం కొంచెం ఎక్కింది, అంతే. ఇప్పటికీ కొందరు ఆమెను తొట్టి దగ్గర నుంచి వచ్చినామె అనే అంటారు.

ఆమె పనిలో ముఖ్యమైనది ప్రతి నెలా ఐదో తేదీకి ఇవ్వాల్సిన పట్టిక. ఈ నెల ఏ పద్దుకు ఎంత ఖర్చవుతుందని ముందు అనుకున్నారో ఒక గడిలో, నిజంగా ఎంత అయిందో పక్క గడిలో, రెండింటి తేడా ఆ పక్కన, తేడా శాతం ఇంకో పక్కన, చివర రిమార్కులు. తేడా పదిహేను శాతం దాటి పెరిగితే గడి దానంతటదే ఎర్రబడుతుంది. ఎర్రది తప్ప మిగతా గడులు చూసే ఓపిక ఆ షెడ్డు పెద్దలకు లేదు.

డిసెంబరు పట్టికలో ఒక్కటే గడి ఎర్రబడింది. కడిగే కూలీ. అనుకున్నది నాలుగున్నర లక్షలు, అయింది ఆరు లక్షల పద్నాలుగు వేల నాలుగు వందలు. ముప్పై ఆరున్నర శాతం ఎక్కువ. పక్కన రిమార్కుల గడిలో ఎస్తేర్ ఎప్పటిలాగే రాసింది: ఓవర్‌టైం వల్ల పెరిగింది.

జనవరి మొదటివారంలో మీటింగు. యజమాని జగదీశ్, కొనుగోళ్లు చూసే జనార్దన్, లెక్కల మేనేజర్ సమత, తెరమీద పట్టిక మార్చడానికి ఓ మూల ఎస్తేర్. జనార్దన్‌ది ఇక్కడే పాత కుటుంబం. భూములున్నాయి, ఎన్నికలు వస్తే ఏదో ఒక పార్టీ జెండా ఆయన ఇంటి ముందు ఉంటుంది. బిస్కట్ టీలో ముంచుకుంటూ ఎర్రగడిని చూసి నవ్వాడు.

"ఆడోళ్లు ముచ్చట్లు పెట్టుకుంట ఎనిమిది గంటల పనిని పదకొండు గంటలు గుంజుతరు సార్. ఓవర్‌టైం రుచి మరిగిండ్రు."

జగదీశ్ ఫోను నుంచి తల ఎత్తి తెర చూశాడు. ఖర్చు ముప్పై ఆరు శాతం ఎక్కువ, మనుషులు ముప్పై ఆరు మంది. ఆ లెక్క ఆయనకు ముచ్చటేసినట్టుంది. మూడో వంతు మందిని తీసెయ్యండి, ఫిబ్రవరి ఒకటి నుంచి పన్నెండుమంది తక్కువ ఉండాలి, అన్నాడు. కూలీ ఎందుకు పెరిగిందని ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన అవసరమే రాలేదు, ఎందుకంటే రిమార్కుల గడిలో జవాబులాంటిది ఒకటి రాసి ఉంది. పన్నెండు ఇళ్ల పొయ్యి మీద నీళ్లు చల్లడానికి అర నిమిషం పట్టింది. ఆ తర్వాత కొత్త సంచి రంగు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు.

తీసెయ్యాల్సిన పేర్లు టైపు చేసే పని కూడా ఎస్తేర్‌కే చెప్పారు. వయసు ఎక్కువ ఉన్నవాళ్లు ముందు. మొదటి పేరు పెంటమ్మ. తొట్ల దగ్గర అందరికీ పెద్ద దిక్కు, యాభై ఆరేళ్ల మనిషి. ఎస్తేర్ కడిగిన మూడు నెలల్లో ఏ గడ్డను ఎట్లా పట్టుకోవాలో నేర్పింది ఆమే. ఆ పేరు కొట్టాక ఎస్తేర్ పట్టిక మళ్లీ తెరిచింది. ఓవర్‌టైం వల్ల పెరిగింది అని తను రాసిన మాట చూసుకుంది. కూలీ పెరిగింది ఎందుకు అంటే, ఎక్కువ గంటలకు కూలీ ఇచ్చాం కనుక అని. అదీ ఒక కారణమేనా? అంకెనే మాటల్లో మళ్లీ రాసింది, అంతే. ఏడాదిగా ప్రతి నెలా అట్లాగే రాస్తోంది. తన మీద తనకే రోత పుట్టింది.

మర్నాడు పొద్దున టీ వేళ కిందికి దిగింది. నేల నిండా నల్లటి బురద, మురిగిన ఆకు కంపు. పెంటమ్మ చీర కుచ్చిళ్లు పైకి చెక్కి తొట్టి అంచు మీద కూర్చుని ఉంది. ఎస్తేర్ దాచుకోలేదు. పన్నెండుమందిని తీస్తున్నారని, జాబితాలో ఆమె పేరే ముందున్నదని చెప్పింది. డిసెంబరులో అన్ని గంటలు ఎందుకు పట్టాయో చెప్పమని అడిగింది.

పెంటమ్మ తొట్టిలో చేయి పెట్టి ఒక గడ్డ తీసింది.

"పట్టు బిడ్డా. కడిగినవు గదా నువ్వు గూడ. మన ఎర్రచెల్క గడ్డయితే ఒక్కసారి ముంచితె మట్టి ఇడుస్తది. గిది నల్లరేగడిల పండింది. గోరు వెట్టి గీకితె గని పోదు. క్రిస్మస్ ముంగల రోజు సుత మేమందరం చీకటి పడ్డదాక గీకినం."

"ఎక్కడి లోడ్లవ్వా ఇవి?"

"జనార్దన్ సారు తెప్పిస్తున్న లారీలు. దూరపు బేరగానియి. అడిగెటోళ్లు లేరు, మేము చెప్తె ఇనెటోళ్లు లేరు. పైన కూసోని నువ్వేం రాస్తున్నవో మాకేమెరుక."

ఆ చివరి మాట ఎస్తేర్‌కు గట్టిగానే తగిలింది. తగలాల్సిందే.

వారంలో మళ్లీ మీటింగు పెట్టించాలని ఆమె సమతను అడిగింది. సమత నగరం నుంచి కారులో వచ్చే మనిషి, చెడ్డది కాదు, భయస్తురాలు. మనం అంకెలు ఇస్తాం, కారణాలు చెప్పుకోవడం ఆయా మేనేజర్ల పని, అంది. మేనేజర్లు చెప్పిన కారణం నిన్న విన్నాం కదా మేడం, అంది ఎస్తేర్. సమత కళ్లద్దాలు తుడుచుకుని, సరే చేసి చూపించు, అంది.

ఎస్తేర్ గేటు రిజిస్టరు తెచ్చుకుంది. తూకం చీటీలు తెచ్చుకుంది. ఏ లోడు ఎవరెవరు కడిగారో, ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో సూపర్‌వైజర్ రాసే నోటుబుక్కు తెచ్చుకుంది. అది ఎవరూ తెరవని పుస్తకం, అట్ట మీద నీటి మరకలు. మూడింటినీ లారీ నంబరు పట్టుకుని జోడించింది. చుట్టుపక్కల రైతుల అయిదు టన్నుల లోడు కడగడానికి అందరి గంటలూ కలిపితే దాదాపు నూటపద్నాలుగు గంటలు పడుతోంది. దూరం నుంచి సరుకు పంపే ఆ బేరగాని అయిదు టన్నుల లారీకి నూట యాభై నాలుగు. లారీకి నలభై గంటలు ఎక్కువ. అట్లాంటి లారీలు డిసెంబరులో నలభై రెండు.

తూకం చీటీలు చూస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. ఇక్కడ ఏ రైతు సరుకు తెచ్చినా మట్టికని, తడికని తరుగు కింద బరువులో కొంత కోసి డబ్బు ఇస్తారు. రైతు తల వంచుకుని ఒప్పుకుంటాడు. ఆ బేరగాని నలభై రెండు చీటీల్లో తరుగు గడి ఖాళీగా ఉంది. కింద జనార్దన్ సంతకం. ఒక్క ముంపుకు మట్టి వదిలే గడ్డ తెచ్చిన చిన్న రైతుకు కోత, రేగడి ముద్దలతో వచ్చిన లారీకి నిండు తూకం. మట్టిని క్యారెట్ ధరకు కొన్నారు.

ఎందుకంటే కిలో ధర తక్కువ. అనుకున్న ధర ఇరవై, నెల సగటు పంతొమ్మిది. ఆ ఒక్క రూపాయి మీదనే జనార్దన్‌కు ప్రతి నెలా బహుమానం. మిగిలింది మూడు లక్షల ఎనభై నాలుగు వేలు అని వేరే కాగితంలో ఆకుపచ్చ రంగులో చూపించి, చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

ఎస్తేర్ మొదట చేసిన నివేదిక ఆరు పేజీలు. ప్రతి లారీ, ప్రతి తేదీ, ప్రతి గంట. సమత తిప్పి చూసి బల్ల మీద పెట్టింది. "ఇందులో కారణం ఉంది ఎస్తేర్, కానీ వెతుక్కోవాలి. ఆయన వెతకరు. రెండో పేజీ కూడా తిప్పరు." ఆ మాట నిజమే. మనుషుల బతుకు తేల్చే కాగితాన్ని రెండో పేజీ తిప్పనివాడు పెద్ద కుర్చీలో కూర్చోవడం ఎంత నీచమో చెప్పక్కర్లేదు, కానీ కాగితం వెళ్లాల్సింది ఆయన చేతికే.

శనివారం మధ్యాహ్నానికి ఆరు పేజీలు ఒకటయ్యాయి. పైన డిసెంబరు బడ్జెట్ అని రాసే చోట ఒక వాక్యం రాసింది: కూలీ పెరగడానికి పెద్ద కారణం నల్లమట్టి లోడ్లు. శాతాల వరుస తీసేయలేదు గానీ చివరకు జరిపి, పద్దులను రూపాయల్లో పెద్ద తేడా నుంచి చిన్న తేడాకు పేర్చింది. దాంతో ఇన్నాళ్లూ రంగు లేకుండా నక్కిన క్యారెట్ కొనుగోలు పద్దు పైకి వచ్చింది. తేడా పదిన్నర శాతమే కనుక అది ఎప్పుడూ ఎర్రబడలేదు. రూపాయల్లో మాత్రం ఏడు లక్షలకు నాలుగు వేలు తక్కువ.

తర్వాత కూలీ. మూడు వందల టన్నులు పంపుతామని బడ్జెట్ వేశారు, పంపింది మూడు వందల ఇరవై. ఎక్కువ సరుకుకు ఎక్కువ కూలీ పడుతుంది, అది తప్పు కాదు. ఆ ఇరవై టన్నులకు ముప్పై వేలు ముందే పక్కన పెట్టింది. మిగిలిన లక్షా ముప్పై నాలుగు వేల నాలుగు వందలను కారణాలుగా విడగొట్టింది. మట్టి లోడ్లకు లక్షా ఎనిమిది వందలు. గడ్డలు తొట్లలోకి రాకముందు పైమట్టి వదిలించే యంత్రం బెల్టు తెగి, రిపేరుకు రాసిన కాగితం తొమ్మిది రోజులు మూలన పడి, చివరకు అతుకు వేసేదాకా ఆడవాళ్లు పని లేక నిలబడిన గంటలకు ఇరవై నాలుగు వేలు. మిగతా తొమ్మిది వేల ఆరు వందలకు కారణం దొరకలేదు. దాన్ని మట్టిలో కలిపేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె కలపలేదు. కారణం తెలియదు అని రాసి వదిలింది. ఒక్కో కారణం పక్కన, దీన్ని మార్చగలిగేది ఎవరు అని ఇంకో గడి పెట్టింది. మట్టికి కొనుగోళ్లు. బెల్టుకు మరమ్మతుల విభాగం. కడిగే ఆడవాళ్ల చేతిలో మార్చగలిగింది ఏదీ ఆ కాగితంలో కనిపించలేదు.

కింద ఒక పెట్టె గీసి మూడు అంకెలను ఒకచోట పెట్టింది. చవకగా కొన్నందుకు మిగిలింది మూడు లక్షల ఎనభై నాలుగు వేలు. మట్టి, కుళ్లు కింద అదనంగా పారబోసిన ముప్పై రెండు టన్నులకు పోయింది ఆరు లక్షల నలభై వేలు. దాన్ని కడగడానికి పోయింది లక్షా ఎనిమిది వందలు. మిగిలిందనుకున్నది పోను నష్టం మూడు లక్షల యాభై ఆరు వేల ఎనిమిది వందలు.

సోమవారం మీటింగులో జగదీశ్ పై వాక్యం చదివాడు. పెట్టె చూశాడు. ఫోను బోర్లా పెట్టాడు. ఆ గదిలో ఎస్తేర్ అట్లాంటిది చూడడం అదే మొదటిసారి.

జనార్దన్ ముఖం గంటు పెట్టుకున్నాడు. అమ్మకాలు పెరిగాయి కనుక కొనుగోలు పెరిగిందని మొదలుపెట్టాడు. అమ్మకాల వాటా నాలుగు లక్షల నలభై వేలు ముందే తీసేశామని సమత మెల్లగా అంది. అంత మాట ఆమె నోట రావడమే గొప్ప. అప్పుడు ఆయన కోపం తిరగాల్సిన చోటికే తిరిగింది.

"నిన్న మొన్నటిదాక తొట్ల కాడ బురద పిసికినామె నాకు కొనుడు నేర్పుతదా సార్?"

"నేను నేర్పుతలేను సార్," అంది ఎస్తేర్. "మీరు సంతకం పెట్టిన చీటీలే కూడిన. బురద పిసికిన గనుకనే ఏది ఏ మట్టో నాకెరుక."

జగదీశ్ ఇద్దరినీ ఊరుకోమన్నాడు. ఇక నుంచి ఆ లారీలకు కూడా తరుగు కోయమన్నాడు, రేగడి లోడ్లు ఆపమన్నాడు, అతుకేసిన బెల్టు ఇవాళే మార్చమన్నాడు. పన్నెండుమంది సంగతి ఏంటని సమత అడిగింది. మట్టి లేకపోతే మూడు వందల టన్నులకు ముప్పై ఆరు మంది సరిగ్గా సరిపోతారని కాగితం అడుగున లెక్క ఉంది. "ఇప్పటికైతే ఉంచుండ్రి," అన్నాడు జగదీశ్. తప్పయిందని అనలేదు. జనార్దన్ బహుమానం వెనక్కి ఇమ్మనీ అనలేదు. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్న ఎవరి నోటా రాలేదు. పెద్దింటి మనిషి తప్పు ఎప్పుడూ అట్లాగే మర్యాదగా పక్కకు జరిగి కూర్చుంటుంది.

లేవబోతూ ఆయన మళ్లీ కాగితం చూశాడు. కూలీ పద్దు కింద ఒక చిన్న వరుస ఉంది. గంట కూలీ రేటులో తేడా: సున్నా.

"ఇదేంది, సున్నకు ఒక వరుస?"

తేడా మొత్తాన్ని విడగొట్టేటప్పుడు గంటలు పెరగడం వల్ల ఎంత, గంటకు ఇచ్చే రేటు పెరగడం వల్ల ఎంత అని రెండూ చూపాలని ఎస్తేర్ చెప్పింది. బడ్జెట్లో గంటకు అరవై, ఇచ్చిందీ అరవై. అందుకే సున్నా. కానీ డిసెంబరులో రెండు వేల ఏడు వందల యాభై రెండు గంటలు ఓవర్‌టైం. చట్టం ప్రకారం వాటికి రెండింతల కూలీ ఇవ్వాలి. ఇచ్చి ఉంటే ఆ గడిలో లక్షా అరవై అయిదు వేల నూట ఇరవై కనిపించేది. అది సున్నా ఎందుకయిందో చదివినవాళ్లకు అర్థం కావాలని ఆ వరుస ఉంచానంది.

జనార్దన్ పెదవి మీద సన్నటి నవ్వు మొలిచింది. ఇప్పుడు బురద అందరి కాళ్లకీ అంటిందని ఆయన సంబరం.

"ఆ వరుస తీసెయ్," అన్నాడు జగదీశ్. "సున్ననే గద. తీసినా మొత్తం ఏం మారది."

మొత్తం నిజంగానే మారదు. ఎంత సులువైన మోసం! దొంగ అంకె వేయనక్కర్లేదు, కొట్టివేత అక్కర్లేదు, కూడికలో తప్పు రాదు. ముప్పై ఆరు మంది రోజుకు మూడేసి గంటల చొప్పున అదనంగా పడ్డ పాటు, ఒక గడి నొక్కితే మాయం. ఎస్తేర్ చేతులు బల్ల మీదే ఉంచుకుని కదలలేదు. సమత ఆమె వైపు చూడకుండా కంప్యూటర్ తన వైపు తిప్పుకుని ఆ వరుసను తీసేసింది. అదే కాగితం అందరికీ మెయిల్లో వెళ్లింది, చక్కగా, శుభ్రంగా, కడిగిన క్యారెట్ లాగా.

పని దిగే వేళకు ఎస్తేర్ తొట్ల దగ్గరకు వెళ్లింది. ఎవరినీ తీయడం లేదని పెంటమ్మకు చెప్పింది. రేగడి లోడ్లు ఇక రావని చెప్పింది. చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒకామె కొంగుతో ముఖం తుడుచుకుంది. పెంటమ్మ మాత్రం తడిచేతులు దులుపుకుంటూ ఎస్తేర్ ముఖమే చూస్తోంది.

"మంచి ముచ్చటే గద బిడ్డా. మరి నీ మొఖం గట్లెందుకున్నది? ఇంకేమన్న ఉన్నదా?"

ఎస్తేర్ తీసేసిన వరుస గురించి చెప్పింది. అంకెల్లో కాకుండా, రోజుకు మూడు గంటలకు రావాల్సిన కూలీలో సగమే వచ్చిందని, మనిషికి డిసెంబరు ఒక్క నెలకే నాలుగున్నర వేలకు పైన రావాలని చెప్పింది.

ఒకామె వేళ్ల మీద నవంబరు, అక్టోబరు అని వెనక్కి లెక్కబెట్టుకోవడం మొదలుపెట్టింది. పెంటమ్మ నీళ్లలోకి కాండ్రించి ఉమ్మబోయి, మళ్లీ అందరూ కడిగే నీళ్లని ఆగి, పక్కకు తిరిగి మోరీలో ఉమ్మింది.

"ఉంచిండ్రని సంబురపడాల్నా మేము? మా కూలి మింగి, మమ్ములనే దొంగలను చేసి, ఇయ్యాల పోనీలె ఉండుండ్రి అంటుండ్రు." ఎస్తేర్ వైపు తిరిగి అడిగింది. "సూపర్‌వైజర్ రాసే నోటుబుక్కుల మా గంటలున్నయా?"

"ఉన్నయవ్వా. తారీకులతోని ఉన్నయి."

"అయితె ఒక్కొక్కరి పేరు మీద ఎన్ని గంటలో మా కాగితం మీద రాసియ్యి. రేపు పని మొదలు వెట్టకముందు అందరం కల్సి మెట్లెక్కుతం. ఇయ్యకపోతె లేబర్ ఆఫీసుకు పోతం. నీ కొలువు పోతదేమో సూసుకో బిడ్డా. ముందే చెప్తున్న."

ఎస్తేర్ బోర్లించిన ప్లాస్టిక్ డబ్బా మీద కూర్చుని, సంచిలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని మొదటి పేరు అడిగింది.